ఎనభై రెండు ఫ్రేములు, ఆలస్యంగా లేచే కత్తి

మా అన్నయ్యతో నేను ఒక వర్షాకాలమంతా మాట్లాడలేదు. అరకులో మా వీధివాళ్ళు కాఫీ తోట పంపకాల్లో ఏదో తేడా వచ్చిందనుకున్నారు. మా చిన్నత్తయితే నేనెవరినో ప్రేమించాననీ, అది అన్నయ్యకి తెలిసిపోయిందనీ తేల్చేసింది. అసలు గొడవ ఒక కంప్యూటర్ ఆట గురించి. ఆ ఆట సెట్టింగుల పేజీలో ఒకదాని కింద ఒకటి ఉండే మూడు వరుసల గురించి. చెప్పినా ఎవరూ నమ్మరని నేనూ చెప్పలేదు.

అన్నయ్య ఫొటోగ్రాఫరు. పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకోవడానికి మైదాన ప్రాంతం నుంచి వచ్చే జంటలని కాఫీ తోటల్లోకి, వలిసె పూల చేలల్లోకి తీసుకెళ్ళి తీస్తాడు. ఆ వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి విశాఖలో కంప్యూటర్ కట్టించి, రైలు ఘాట్ ఎక్కుతున్నంతసేపూ ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అందులో తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మధ్యరకంది. మరీ తీసిపారేసేది కాదు, అలాగని ఏ ఆట వేసినా తడబడకుండా లాగేసేదీ కాదు. దాని సొంత మెమరీ ఎనిమిది జీబీ. ఆ మాట గుర్తుపెట్టుకోకుండా ఆడితే అదే మనకి గుర్తుచేస్తుంది.

నేనప్పుడు పాడేరులో డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే అన్నయ్య ఫొటోలకి వెళ్ళిపోయేవాడు. నాన్న హుకుంపేట వైపు జీపు తోలేవాడు. అమ్మ తోట పనికి పోయేది. మధ్యాహ్నం దాకా కంప్యూటర్ నాదే. అలా ఆ ఆట మొదలుపెట్టాను. ఎప్పుడూ వాన కురిసే ఒక రాతి పట్టణం, సందుల్లో లాంతర్లు, మధ్యలో ఒక వంతెన. ఆ వంతెన మీద కత్తి పట్టుకుని ఒకడు నిలబడి ఉంటాడు. వాడిని దాటితేగాని కథ ముందుకు పోదు. వాడు దెబ్బ వేసే క్షణంలోనే మన కత్తి అడ్డం పెట్టాలి. రెప్పపాటు ముందైనా చావే, వెనకైనా చావే.

మొదట్లో నేను పెట్టుకున్న సెట్టింగులు సాదాసీదావి. రే ట్రేసింగ్ ఆపేశాను. వెలుగు ఎక్కడ పడి, ఎటు తిరిగి, దేని మీద మెరుస్తుందో ఒక్కో కిరణంగా లెక్కకట్టే పద్ధతి అది. కార్డు బలంలో సగం అదే మింగేస్తుంది. అప్‌స్కేలింగ్ మాత్రం క్వాలిటీ మీద ఉంచాను. అంటే కార్డు బొమ్మని తెర కొలతలో మూడింట రెండొంతులకే గీసి, మిగతాది తన తెలివితో నింపి పెద్దది చేస్తుంది. దగ్గరగా కళ్ళు పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. అలా సెకనుకి డెబ్బై చిల్లర ఫ్రేములు, అంటే వరస బొమ్మలు, నిలకడగా వచ్చేవి. మౌస్ కదిపితే కత్తి కదిలేది. నాకు కావలసింది అంతే.

ఒకరోజు వాన వల్ల అన్నయ్య పని రద్దయింది. నా వెనక నిలబడి కాసేపు చూసి ముఖం చిట్లించాడు.

"ఏటే ఇది? నీళ్ళలో లాంతరు మెరుపేది?"

"ఉన్నాది కదా."

"తల కిందకి దించు. ఇంకా దించు. సూడు, పోనాది!"

నిజమే. లాంతరు తెర పైఅంచు దాటిపోగానే, కింద నీళ్ళలో దాని ప్రతిబింబం కూడా మాయమైపోతోంది. రే ట్రేసింగ్ లేనప్పుడు ఆట ప్రతిబింబాల్ని తెర మీద కనబడుతున్న బొమ్మలోంచే తీసుకుంటుంది. తెర మీద లేనిది దానికి లేనట్టే.

"దీపం అక్కడే ఉంటే మెరుపెలా పోతాదే? ఇలాంటి అబద్ధపు ఎలుతురు నా మిషన్‌లో నాకొద్దు" అని నన్ను కుర్చీలోంచి లేపేశాడు.

రే ట్రేసింగ్ పై మెట్టుకి పెట్టాడు. పట్టణం మారిపోయింది, కాదనను. తడిసిన ప్రతి రాయీ పక్క గోడ రంగు పూసుకుంది. కానీ ఫ్రేములు ముప్ఫైకి పడిపోయాయి. సందు మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఎక్కిళ్ళు పెట్టింది. దాన్ని సరిచేయడానికి అప్‌స్కేలింగ్‌ని పెర్ఫార్మెన్స్‌కి దించాడు. ఇప్పుడు కార్డు పొడవులో సగం, వెడల్పులో సగమే గీస్తోంది. అక్కడితో ఆగినా బాగుండేది. చివరి వరుసకి వెళ్ళి ఫ్రేమ్ జనరేషన్ కూడా వేశాడు. తెర మూలనున్న అంకె ఎనభై రెండుకి ఎగిరింది.

"సూసినావా? ఎలుతురూ ఉన్నాది, స్పీడూ ఉన్నాది. నీకు తెలీక ఇన్నాళ్ళూ బొగ్గుతో గీసిన బొమ్మల్లో ఆడినావు."

నేను కూర్చుని వంతెన మీదకి వెళ్ళాను. వాడు కత్తెత్తాడు. నేను నొక్కాను. నా కత్తి లేచేసరికే వాడి కత్తి దిగిపోయింది. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అంతే. కళ్ళకి అంతా నూనె రాసినట్టు నున్నగా జారుతోంది. చేతికి మాత్రం బురదలో కర్ర తిప్పుతున్నట్టుంది.

"మౌస్ బరువుగా ఉన్నాది అన్నియ్యా."

"మౌస్ కాదే, నీ సెయ్యే బరువు."

అలా మొదలైంది. నేను పొద్దున్న నా సెట్టింగులు పెట్టుకునేదాన్ని. సాయంత్రం వచ్చి అతను మార్చేవాడు. మర్నాడు ఆట తెరవగానే ముందు ఆ పేజీకి వెళ్ళి మళ్ళీ వెనక్కి తిప్పడం నాకు చిరాకెత్తించేది. కొన్నాళ్ళకి ఆట సెట్టింగుల ఫైలుని నేను మార్చడానికి వీల్లేకుండా తాళం వేశాడు. మార్చినట్టే ఉంటుంది, మూసి తెరిస్తే మళ్ళీ అతనివే. ఆడితే అతని వెలుగులో ఆడాలి, లేదంటే లేదు. అతను ఆటలో పోట్లాడేవాడు కాదు. వీధుల్లో తిరుగుతూ, ఆటని ఆపి, మంచి చోటు చూసుకుని తెర బొమ్మలు తీసేవాడు. వాటిని తన ఛానెల్లో పెట్టేవాడు. కదలని బొమ్మకి ఎన్ని ఫ్రేములైతే ఏం?

ఆ వారమంతా నేను వంతెన మీద చస్తూనే ఉన్నాను. నిజంగానే నా చెయ్యి మొద్దుబారిందేమో అనుకున్నాను. ఒకరోజు అమ్మ బియ్యం ఏరుతూ, "ఏటే, జ్వరమేటన్నా వచ్చిందా? ముఖమలా ఉన్నాదేటి?" అని నుదురు పట్టుకు చూసింది. 

సంతరోజు కూరగాయల దగ్గర నిలబడి ఉంటే, నాతో చదివిన ఒకమ్మాయి వచ్చి నవ్వుతూ ఫోన్ చూపించింది. అన్నయ్య ఛానెల్లో కొత్త వీడియో. పేరు, "మా చెల్లి ఆట". నేనాడుతుంటే తెర దానంతటదే రికార్డయ్యేలా నాకు తెలియకుండా పెట్టి వెళ్ళాడు. నేను చచ్చిన చావులన్నీ ఒకదాని వెనక ఒకటి అతికించి, ఒక్కో చావుకీ ఒక డప్పు దెబ్బ వేశాడు. తెర మూల ఎనభై రెండు, ఎనభై, ఎనభై మూడు అని అంకె వెలుగుతూ ఉంది. కింద జనం రాశారు. ఇంత మంచి మిషన్ ఎవరి చేతిలో పడిందో అని ఒకడు. ఎనభై ఫ్రేముల్లో కూడా ఆడలేకపోతే వంటింట్లోకి పొమ్మని ఇంకొకడు. దానికి అన్నయ్య ఒక నవ్వు బొమ్మ పెట్టాడు.

ఆ నవ్వు బొమ్మ చూడగానే ఫోన్ ఆమెకిచ్చేసి, కూరగాయలు కొనకుండానే బయల్దేరాను. తెలియనివాళ్ళు ఏమన్నా నాకు లెక్కలేదు.

ఇంటికి వచ్చి అడిగాను.

"తీసీ దాన్ని."

"ఎందుకు తీయాల? నా వీడియోలన్నిట్లోకీ దాన్నే ఎక్కువ మంది సూత్తన్నారు."

"నువ్వు పెట్టిన సెట్టింగుల వల్లే సచ్చినాను నేను."

"ఎనభై ఫ్రేములిచ్చినానే నీకు! ఇంకేటి సెయ్యాల? నీ బదులు నేనే ఆడాలేటి?"

"ఆడు మరి. ఆడి సూపించు."

"ఆడతాను. అందరి ముందూ ఆడతాను. అప్పుడు నోర్మూసుకుంటావా?"

అమ్మ గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టింది. మేమిద్దరం చెరో గదిలోకి పోయాం.

ఆదివారం మధ్యాహ్నం లైవ్ పెడతానని ఛానెల్లో ప్రకటించాడు. ఆ లోపల నేను ఫోన్లో వెతికి చదివాను. ఫ్రేమ్ జనరేషన్ ఏం చేస్తుందో అప్పుడు అర్థమైంది. కార్డు రెండు అసలు బొమ్మలు గీస్తుంది. ఆ రెంటినీ పోల్చి, మధ్యలో ఉండవలసిన బొమ్మని ఊహించి తయారుచేస్తుంది. మధ్యది ముందు చూపించాలి కాబట్టి, అప్పటికే గీసేసిన రెండో బొమ్మని కాసేపు ఆపి ఉంచుతుంది. ఆ ఊహించిన బొమ్మలో నా చేతికి చోటు లేదు. నేను నొక్కినది అసలు బొమ్మల్లోకే చేరుతుంది, అవీ ఆలస్యంగా తెర మీదకొస్తాయి. ఎనభై రెండులో అసలువి నలభై ఒకటే. పైగా ఈ ఊహించే పనికి కార్డు కొంత బలం ఖర్చుపెడుతుంది కాబట్టి, అది లేకపోతే ఆ నలభై ఒకటి ఇంకాస్త ఎక్కువే ఉండేవి. ముందే అరవై, డెబ్బై అసలు ఫ్రేములు ఉన్నప్పుడు వాడితే ఇది మంచి సాధనమేనని కూడా అక్కడే చదివాను. నిలబడటమే కష్టంగా ఉన్నప్పుడు దాన్ని ఊతకర్ర చేసుకోకూడదు, అంతే.

చదివింది అతనికి చెప్పలేదు. చెబితే వినేవాడా?

ఆదివారం వాన పడుతోంది. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. నేను అదే గదిలో మంచం మీద, కెమెరాకి కనపడని వైపు కూర్చున్నాను. మొదట పట్టణమంతా తిప్పి చూపించాడు. లాంతర్లు, నీళ్ళు, గోడల మీద మెరుపులు. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత వంతెన ఎక్కాడు.

మొదటి దెబ్బకే చచ్చాడు. నవ్వి, "వార్మప్ అండి" అన్నాడు. రెండోసారి కొంచెం నిలిచాడు. ఆ తర్వాత వరసగా పోతూనే ఉన్నాడు. లైవ్ పంపే పని కూడా కార్డు మీద పడి ఆట ఇంకా ఎక్కిళ్ళు పెడుతోంది. కత్తి వేగంగా తిరిగినప్పుడు దాని కొస వెనక పొగలా ఒక చార సాగుతోంది. తడి రాళ్ళ మీద మెరుపు చీమలు పాకుతున్నట్టు కదులుతోంది. అంత తక్కువ బొమ్మలోంచి అంత వెలుగు సాగదీస్తే అలాగే ఉంటుంది. చూసేవాళ్ళు రాయడం మొదలెట్టారు. ఫ్రేమ్ జనరేషన్ తీసెయ్ అన్నా, అని ఒకడు. చెల్లినే పిలువు, అని ఇంకొకడు.

అతని మెడ ఎర్రబడింది. "మా చెల్లి ఈ మిషన్లో ఏదో కెలికీసిందండి, అందుకే ఇలా..." అన్నాడు.

నేను లేచి వెళ్ళి కుర్చీ పక్కన నిలబడ్డాను. ఇప్పుడు కెమెరాలో నేనూ ఉన్నాను.

"నేనేటి కెలికినానో సెప్పు."

"నువ్వు పో అవతలకి."

"తాళమేసుకున్నది నువ్వు. నేనెలా కెలుకుతాను? ఆలస్యం సూపించే అంకె ఒకటుంటాది, దాన్ని తెర మీద పెట్టు. అందరూ సూత్తారు."

కాదంటే భయపడ్డాడనుకుంటారు. పళ్ళు బిగించి పెట్టాడు. మీట నొక్కిన దగ్గర్నుంచి తెర మీద కదలిక వచ్చేదాకా పట్టే సమయం అది, సెకనులో వెయ్యో వంతుల్లో చూపిస్తుంది. తొంభై దాటి ఊగుతోంది.

"ఇప్పుడు ఫ్రేమ్ జనరేషన్ ఆపు."

ఆపాడు. పెద్ద అంకె ఎనభై నుంచి నలభై ఏడుకి పడింది. ఆలస్యం కూడా బాగా తగ్గింది.

"రే ట్రేసింగ్ ఆపు. అప్‌స్కేలింగ్ క్వాలిటీకి తే."

"అంతా అట్టముక్కలా అయిపోతాదే."

"వాడి కత్తి కనపడితే సాలు నాకు."

ఆపాడు. నీళ్ళలో మెరుపులు చచ్చిపోయాయి, గోడలు చదునైపోయాయి. లైవ్ నడుస్తున్నా ఫ్రేములు డెబ్బైకి కాస్త అటూ ఇటూగా నిలబడ్డాయి. ఆలస్యం నలభై దగ్గర ఆగింది. అతను లేవలేదు. నేనూ కదల్లేదు. చివరికి కుర్చీని కాలితో వెనక్కి నెట్టి లేచాడు.

మొదటిసారి నేనూ చచ్చాను. అతను గట్టిగా నవ్వాడు, అందరికీ వినబడేలా. రెండోసారి, వాడు కత్తెత్తి దించే వేళకి నా కత్తి అక్కడ ఉంది. ఠంగుమని మోగింది. వారం రోజులుగా నాకు వినపడని చప్పుడు అది. తర్వాత ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయాను.  ఒకచోట తొందరపడి ప్రాణం అడుగంటింది. అయినా చెయ్యి, కన్ను ఒకటిగా ఉన్నాయి కాబట్టి నిలబడ్డాను. వాడు వంతెన గోడకి ఒరిగి కూలిపోయాడు.

నేను వెనక్కి తిరిగి చూసేలోపే అన్నయ్య లైవ్ ఆపేశాడు. కింద జనం ఏం రాశారో చదవనివ్వలేదు.

"సంతోషమేనా? నా ఛానెల్లో నా పరువు తీసినావు."

"ముందు నా పరువు అక్కడెట్టినోడివి నువ్వు."

"నువ్వు గెలిసింది ఆటేటి? అందులో ఎలుతురు లేదు, నీడ లేదు. గుడ్డోళ్ళాడుకునే ఆట."

"నువ్వు సూసింది బొమ్మ. ఆట కాదు."

మర్నాడు నేను లేచేసరికి బల్ల ఖాళీగా ఉంది. దుమ్ములో కంప్యూటర్ ఆకారం మాత్రం మిగిలింది. బజారులో తను అద్దెకి తీసుకున్న స్టూడియో గదికి పట్టుకుపోయాడు. "నా మిషన్ నా పనికే" అని అమ్మతో చెప్పాడట. నాన్న ఒక్క మాటే అన్నాడు, "ఇద్దరూ పిచ్చోళ్ళే" అని. ఆ తర్వాత వానాకాలమంతా అన్నం దగ్గర కూడా మేం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కూర కావాలంటే అమ్మని అడిగేవాళ్ళం, గిన్నె మా ఇద్దరి మధ్యనే ఉన్నా సరే.

ఒక్క విషయం మాత్రం నాకు మింగుడు పడేది కాదు. అతను చెప్పిన వెలుగు నిజంగా బాగుండేది. స్టూడియో ముందు నుంచి వెళ్ళినప్పుడు అద్దంలోంచి తెర కనిపించేది. ఆ రాతి పట్టణంలో ఎవరితోనూ పోట్లాడకుండా నింపాదిగా నడుస్తూ ఉండేవాడు. నడకకి నలభై ఫ్రేములు చాలు. తలుపు తీసి ఆ మాట చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

చలి మొదలయ్యాక నాకు పాడేరులో ఉద్యోగం వచ్చింది, కంప్యూటర్లు నేర్పే చోట. హాస్టల్లో ఉన్నాను. ఒకరోజు టీ తాగుతూ ఫోన్ చూస్తుంటే అన్నయ్య ఛానెల్లో ఒక వీడియో తగిలింది. "మధ్యరకం కార్డులో ఏది వాడాలి, ఏది ఆపాలి." తెరిచాను. అందులో ఉన్నది నేనే. అవే చావులు, డప్పు దెబ్బలు తీసేశాడు, పక్కన ఆలస్యం అంకె పెట్టాడు. అతని గొంతు వివరిస్తోంది.

"ఎనభై రెండులో అసలు ఫ్రేములు నలభై ఒకటే అండి. మన చెయ్యి వాటికే అందుతుంది. కత్తి యుద్ధాలకైతే ముందు రే ట్రేసింగ్ ఆపండి, అప్‌స్కేలింగ్ క్వాలిటీలో ఉంచండి. అప్పటికే అరవై దాటితేనే ఫ్రేమ్ జనరేషన్ వేయండి. ఫొటోలకి, నడకకి అయితే రే ట్రేసింగ్ వేసుకుని, టెక్స్చర్లు, అంటే గోడలకీ రాళ్ళకీ అంటించే పూత బొమ్మలు, ఒక మెట్టు తగ్గించండి. ఎనిమిది జీబీ నిండిపోతే అన్నీ ఎక్కిళ్ళు పెడతాయి."

ఒక్క తప్పు లేదు. ఆ చివరి సంగతి నాకూ తెలియదు, అతను సొంతంగా తెలుసుకున్నదే. "చాలా రోజులు ప్రయోగాలు చేసి నేను కనిపెట్టిందండి ఇది" అని ముగించాడు. నా ఊసు ఎక్కడా లేదు. చచ్చినప్పుడు చెల్లి ఆట అన్నాడు. ఇప్పుడు ఆడుతున్నది ఎవరో కూడా చెప్పలేదు.

ఫోన్ చేశాను. అన్ని నెలల తర్వాత మొదటిసారి.

"ఏటి?" అన్నాడు.

"వీడియో సూసినాను."

"తప్పేటన్నా ఉన్నాదా అందులో?"

"లేదు."

"మరింకేటి?"

"ఎవరు సెప్తే తెలిసిందో సెప్పలేదు నువ్వు."

వెనక మోటారు సైకిళ్ళ చప్పుడు వినిపిస్తోంది. అతను బజారులో ఉన్నట్టున్నాడు.

"పేరెట్టమంటావా? ఎట్టితే ఆ సచ్చేది నువ్వేనని అందరికీ మళ్ళీ తెలుస్తాది. కావాలేటి?"

"కావాలి. ఎట్టు."

"సూత్తాలే" అని పెట్టేశాడు.

పెట్టలేదు. పాత వీడియో మాత్రం తీసేశాడు, అదీ నాకు చెప్పకుండా. వెతికితే దొరకలేదు, అంతే. కొన్నాళ్ళకి నేను ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కున్నాను. దానికి రే ట్రేసింగ్ చేతకాదు కాబట్టి ఆ వరుస నా పేజీలో బూడిద రంగులో ఉంటుంది, నొక్కినా పలకదు. సెలవులకి ఇంటికి వెళ్తే ఇప్పుడు మాట్లాడుకుంటాం. బస్సు ఎన్నింటికని, నాన్న మోకాలు ఎలా ఉందని. ఆట గురించి మాత్రం ఇద్దరిలో ఎవరం ఎత్తం. ఎత్తితే మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని ఇద్దరికీ తెలుసు. ఈసారి ఇద్దరిలో ఎవరం తగ్గమని కూడా.